రాని రీడింగు సున్నా కాదు

నెలకోసారి స్పాట్ బిల్లింగ్ మిషను పట్టుకుని వచ్చే మనిషికి మీటరు ఉన్న గదికి తాళం కనిపిస్తే ఏం చేస్తాడో మనకు తెలిసిందే. మిషన్లో ‘డోర్ లాక్’ అని కొట్టి, పాత నెలల సగటు మీద ఒక బిల్లు తీసి తలుపు సందులో పెట్టి వెళ్తాడు. తర్వాత అసలు రీడింగు దొరికినప్పుడు లెక్క సరిచేస్తారు. అది సగటు బిల్లని బిల్లు మీదే ఉంటుంది కాబట్టి మనమూ పెద్దగా కంగారు పడం. స్మార్ట్ మీటరు వచ్చాక ఆ మనిషి రావలసిన పని లేదు. కానీ రీడింగు అందని రోజులు మాత్రం పోలేదు. మీటరు సెల్లారులో ఉంటే సిగ్నలు అందదు, టవరు ఆగిపోతుంది, సర్వరు మొరాయిస్తుంది. పాత బిల్లులో కనిపించే ఆ నిజాయితీ, అంటే ‘ఇది అసలు రీడింగు కాదు, సగటు’ అని చెప్పే మాట, ఫోన్లో రోజూ చూసే యూనిట్ల గ్రాఫులో చాలాసార్లు కనిపించదు. రీడింగు రాని రోజున అక్కడ ఒక సున్నా ఉంటుంది, మరునాడు ఒక కొండ ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ఈ మీటర్ల నుంచి వచ్చే సమాచారంతో వాడకందారుకి ఒక గ్రాఫు, డిస్కం అధికారికి ఒక గ్రాఫు తయారవుతాయి. రెండింటినీ సాధారణంగా రోజుకొకసారి, అర్ధరాత్రి దాటాక, ఒక ప్రోగ్రాము నడిచి తాజా చేస్తుంది. ఆ రాత్రి పనిలో ఏం జరుగుతుంది, ఎక్కడ తప్పు దొర్లుతుంది, చూసేవాళ్లు దాన్ని ఎలా పసిగట్టవచ్చు అన్నదే ఈ వ్యాసం.

ముందు మీటరు ఏం చెబుతుందో చూద్దాం. ఇళ్లకు పెట్టే స్మార్ట్ మీటరు రెండు రకాల లెక్కలు దాస్తుంది. ఒకటి, ప్రతి అరగంటలో ఎంత కరెంటు వాడారన్నది. రోజుకు 48 అరగంటలు కాబట్టి 48 బ్లాకులు. రెండోది, మీటరు పెట్టిన నాటి నుంచి పెరుగుతూనే పోయే మొత్తం, అంటే మీటరు తెర మీద kWh అని కనిపించే అంకె. ఈ మొత్తాన్ని ప్రతి అర్ధరాత్రి ఒకసారి విడిగా గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నలు లేకపోయినా ఈ రాతలు ఆగవు. బ్లాకులు మీటరు జ్ఞాపకంలో నెలకు పైగా నిలుస్తాయి. మామూలుగా 35 రోజుల లెక్క ఉంటుంది. సిగ్నలు తిరిగి రాగానే సర్వరు అడిగితే పాతవన్నీ వరసగా ఇచ్చేస్తుంది. అంటే ఇక్కడ సమాచారం పోవడం అరుదు, ఆలస్యం కావడమే మామూలు. ఈ తేడా తెలియకుండా ప్రోగ్రాము రాస్తేనే చిక్కులన్నీ.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఇది ఉదాహరణకు నేను అల్లుకున్నదే కానీ అంకెల తీరు రోజూ జరిగేదే. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు, మే నెల. మే 1 మొదలయ్యే అర్ధరాత్రికి మీటరు మొత్తం 4,812.0. మరుసటి అర్ధరాత్రికి 4,820.4. అంటే మే 1న వాడింది 8.4 యూనిట్లు. ఆ తర్వాతి అర్ధరాత్రికి 4,829.0. మే 2 వాడకం 8.6. ఇక్కడితో సిగ్నలు పోయింది. మూడు అర్ధరాత్రులు రీడింగు రాలేదు. మే 7 మొదలయ్యే అర్ధరాత్రి రీడింగు మాత్రం అందింది: 4,869.0. అంటే మే 3, 4, 5, 6 తేదీలు నాలుగూ కలిపి సరిగ్గా 40 యూనిట్లు.

ఇప్పుడు రాత్రి ప్రోగ్రాము దీన్ని ఎలా చూస్తుందన్నదే అసలు విషయం. అన్నిటికంటే ముతకగా రాసిన ప్రోగ్రాము, రాని రీడింగు స్థానంలో సున్నా వేసుకుంటుంది. అప్పుడు మొత్తం 4,829 నుంచి సున్నాకు పడిపోయినట్టు, మళ్లీ సున్నా నుంచి 4,869కి లేచినట్టు కనిపిస్తుంది. వాడకం మైనస్‌లో ఉండదు కదా అని రాసినవాడు మైనస్ అంకెలను వదిలేసే ఏర్పాటు చేసి ఉంటాడు. ప్లస్ అంకె మాత్రం మిగులుతుంది. ఒక్క రోజులో 4,869 యూనిట్లు! స్మార్ట్ మీటరు పెట్టాక వేలల్లో వాడకం చూపించిందనే ఫిర్యాదు వింటే నేను మొదట అనుమానించేది మీటరును కాదు, ఈ సున్నాను. కొంచెం మెరుగ్గా రాసినది, రీడింగు లేని రోజులకు వాడకం సున్నా అని చూపి, వచ్చిన రోజున 40 యూనిట్లూ మే 6 నెత్తిన వేస్తుంది. ఇది మరీ అంత వింతగా కనిపించదు, అందుకే ఇంకా ప్రమాదం. ఆ రోజు ఇంట్లో చుట్టాలు వచ్చి ఏసీ నడిచిందేమో అని ఇంటివాళ్లే ఒక కారణం వెతుక్కుంటారు.

సరైన పద్ధతి కష్టమైనదేం కాదు. రెండు అసలు రీడింగుల మధ్య తేడా నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆ నాలుగు రోజుల్లో ఏ రోజుకి ఎంత అన్నది మాత్రమే మనకు తెలియనిది. కాబట్టి 40 యూనిట్లను రోజుకు పది చొప్పున పంచి, ఆ నాలుగు కడ్డీలనూ వేరే రంగులో లేదా గీతలతో చూపి, ‘అంచనా’ అని రాయాలి. ఆ ఇంటి పాత అలవాటును బట్టి ఆదివారానికి కొంచెం ఎక్కువ, మిగతా రోజులకు కొంచెం తక్కువ పంచవచ్చు. ఎలా పంచినా మొత్తం 40 దాటకూడదు, తగ్గకూడదు. మీటరు సమాచారాన్ని సరిచూసి, లోటు పూడ్చి, దిద్దే ఈ పనికి డిస్కంలలో ఒక వ్యవస్థే ఉంటుంది. అక్కడ కూడా మొదటి సూత్రం ఇదే: అంచనా అంకెకు అంచనా అనే ముద్ర పడాలి, ఆ ముద్ర చివరి తెర దాకా చేరాలి. చాలా చోట్ల లోపల ముద్ర పడుతుంది కానీ గ్రాఫు గీసేవాడు దాన్ని వదిలేస్తాడు.

తర్వాత రెండు రోజులకు మీటరు జ్ఞాపకంలోంచి అరగంట బ్లాకులు వచ్చాయనుకుందాం. మే 3న 8.2, మే 4న 7.8, మే 5న 12.6, మే 6న 11.4. కూడితే 40 సరిపోయింది. ఇప్పుడు అంచనాలు తీసేసి అసలు అంకెలు పెట్టాలి. మే 5న మొన్న పది చూపించి ఇవాళ 12.6 చూపిస్తే, ముద్ర లేని గ్రాఫు చూసినవాడు ‘పాత లెక్కలు మారుస్తున్నారు’ అనుకుంటాడు. అతని అనుమానంలో తప్పు లేదు. ముద్ర ఉంటే అంచనా పోయి అసలు వచ్చిందని చూడగానే తెలుస్తుంది.

రాని రీడింగుకూ నిజమైన సున్నాకూ తేడా ఎలా తెలుస్తుంది? ఇంటివాళ్లు మెయిను కట్టేసి ఊరెళ్లినా, ఆ వీధికి రోజంతా కరెంటు లేకపోయినా వాడకం నిజంగానే సున్నా. దీనికి కూడా మొత్తం అంకే సాక్ష్యం. రీడింగులు రాని రోజులకు ముందు 4,829.0 ఉండి, తర్వాత కూడా 4,829.0 ఉంటే ఆ రోజులు నిజమైన సున్నాలు, ధైర్యంగా సున్నా వేయవచ్చు. అంకె పెరిగి ఉంటే అవి తెలియని రోజులు. ఇంకా రెండో రీడింగే రాకపోతే ఏమీ వేయకూడదు, ఆ చోటు ఖాళీగా ఉండాలి. ఖాళీ చోటు చూసి అధికారులు మొహం చిట్లిస్తారని భయపడి అక్కడ ఏదో ఒకటి నింపే ప్రోగ్రాములు నేను చూశాను. ఖాళీ ఉన్న గ్రాఫు కంటే అబద్ధం నింపిన గ్రాఫు అందంగా ఉంటుందనడంలో సందేహం లేదు.

ఇక నెలాఖరు అంచనా. ‘ఈ నెల మీ బిల్లు ఇంత రావచ్చు’ అని చూపించే అంకె. ఆలస్యం చేసే హాని ఇక్కడ రూపాయల్లోకి దిగుతుంది. మే 6 ఉదయం మన ఇంటివాళ్లు యాప్ తెరిచారు. అప్పటికి అందిన వాడకం మే 1, 2 తేదీలదే, 17 యూనిట్లు. క్యాలెండరులో ఐదు రోజులు గడిచాయి కదా అని ప్రోగ్రాము 17ను ఐదుతో భాగిస్తే రోజుకు 3.4, నెల 31 రోజులకు 105 యూనిట్లు. నిజానికి ఆ 17 యూనిట్లు రెండు రోజులవి. రోజుకు 8.5, నెలకు 264. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ స్లాబులు చూడండి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75. వీటి ప్రకారం 105 యూనిట్లకు కరెంటు చార్జీ రూ.327. అదే 264 యూనిట్లకు రూ.1,358. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు ఇందులో కలపలేదు. యూనిట్లలో తేడా రెండున్నర రెట్లయితే డబ్బులో నాలుగు రెట్లు దాటింది, ఎందుకంటే పై యూనిట్లు 8.75 స్లాబులోకి వెళ్లాయి. ఇంట్లో ఏసీ కట్టాలా వద్దా అని ఆ అంకె చూసి తేల్చుకునేవాళ్లకు ఇది మామూలు పొరపాటు కాదు.

దిద్దుబాటు ఒక్కటే. భాగించాల్సింది గడిచిన రోజులతో కాదు, రీడింగు ఉన్న రోజులతో. అంకె పక్కనే ‘మే 2 రాత్రి దాకా అందిన రీడింగుల ప్రకారం’ అని రాయాలి. ఆ ఒక్క వాక్యం ఉన్న యాప్‌ను నేను నమ్ముతాను. ‘నిన్న రాత్రి 2 గంటలకు అప్‌డేట్ అయింది’ అని మాత్రమే రాసి ఉంటే అది ప్రోగ్రాము నడిచిన టైము. రీడింగు ఎప్పటిదో అది చెప్పదు.

ఇక్కడే రాత్రి పని అసలు మర్మం ఉంది. ప్రతి రీడింగుకూ రెండు టైములు ఉంటాయి. మీటరులో అది నమోదైన టైము ఒకటి, సర్వరుకు చేరిన టైము ఇంకొకటి. మామూలు రోజున ఈ రెంటి మధ్య కొన్ని గంటలు. సెల్లారు మీటరుకు కొన్ని రోజులు. రాత్రి ప్రోగ్రాము రాసేటప్పుడు చాలామంది చేసే పని, ‘నిన్న నమోదైన రీడింగులన్నీ తీసుకో, నిన్నటి లెక్క కట్టు’ అని చెప్పడం. మే 4 తెల్లవారుజామున మే 3 లెక్క కట్టే వేళకు మన ఇంటి రీడింగు రాలేదు. వచ్చింది మే 8న. ఆ రాత్రి ప్రోగ్రాము మే 8 వాటినే అడుగుతుంది తప్ప మే 3 వైపు చూడదు. రీడింగు డేటాబేసులో కూర్చునే ఉంటుంది, గ్రాఫులోకి మాత్రం ఎప్పటికీ ఎక్కదు. ఫిర్యాదు వచ్చి వెతికితే ‘మా దగ్గర డేటా ఉందండీ, మరి గ్రాఫులో ఎందుకు లేదో’ అని అందరూ తల గోక్కుంటారు.

కొందరు దీనికి ప్రతి రాత్రీ గత మూడు రోజుల లెక్క మళ్లీ కట్టిస్తారు. మూడు రోజుల ఆలస్యం దాకా అది పనిచేస్తుంది, నాలుగో రోజున మళ్లీ అదే కథ. పోనీ 35 రోజులూ తిరిగి కడదామంటే, లక్షల మీటర్లున్న డిస్కంలో అది తెల్లారినా తెమలదు. మంచి దారి, ప్రశ్నను తిప్పి అడగడం. నిన్న నమోదైనవి ఏవని అడగకుండా, పోయినసారి నడిచిన తర్వాత కొత్తగా చేరినవి ఏవని అడగాలి. అలా చేరిన వాటిలో మే 3 బ్లాకులు ఉంటే మే 3 లెక్క, ఏప్రిల్ 20 బ్లాకులు ఉంటే ఏప్రిల్ 20 లెక్క, ఆ మీటరుకు మాత్రమే మళ్లీ కట్టాలి. ఆలస్యం ఎంతైనా పట్టుబడుతుంది, పని కూడా తక్కువ.

మళ్లీ కట్టడంలో ఒక జాగ్రత్త ఉంది. సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న చోట సర్వరు ఒకే బ్లాకును రెండుసార్లు అడుగుతుంది, మీటరు రెండుసార్లు ఇస్తుంది. రెండోసారి వచ్చినదాన్ని మొదటిదాని మీద కూడితే వాడకం రెట్టింపవుతుంది. ఒక మీటరుకు ఒక అరగంటకు ఒకే అంకె ఉండాలి. మళ్లీ వస్తే పాతదాని స్థానంలో కూర్చోవాలి. రాత్రి పనిని పొరపాటున రెండుసార్లు నడిపినా గ్రాఫు మారకూడదు. ఇది చూసుకోవడం తేలిక: నడిపిన వెంటనే మళ్లీ నడిపి, మొత్తం యూనిట్లు పోల్చాలి.

రోజు ఎక్కడ మొదలవుతుందన్నది ఇంకో చిక్కు. మన మీటర్లు అరగంట బ్లాకు మీద ఆ అరగంట ముగిసిన టైము వేస్తాయి. మే 4, 00:00 అని ముద్ర ఉన్న బ్లాకు నిజానికి మే 3 రాత్రి పదకొండున్నర నుంచి పన్నెండు దాకా వాడినది. తేదీ చూసి కూడితే అది మే 4లో పడుతుంది. దీనికంటే పెద్దది, సర్వరు టైమును గ్రీనిచ్ లెక్కలో దాచి, తిరిగి మన టైముకు మార్చడం మరచిపోతే జరిగేది. అప్పుడు మన రోజు అర్ధరాత్రి బదులు ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది. వేసవిలో అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా నడిచిన ఏసీ అంతా ముందు రోజు ఖాతాలో పడుతుంది. నెల మొత్తంలో పెద్ద తేడా రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీన్ని పట్టేది ఒకే పరీక్ష: ఒక రోజు 48 బ్లాకులు కూడిన మొత్తం, ఆ రోజు రెండు అర్ధరాత్రి రీడింగుల తేడాతో సరిపోవాలి. చివరి దశాంశంలో చిన్న తేడా ఫరవాలేదు. రోజూ అటో ఇటో యూనిటో రెండు యూనిట్లో తేడా వస్తుంటే గడియారం దగ్గర తప్పుంది. ఒకే ఒక్క రోజు పెద్ద తేడా వస్తే బ్లాకులు కొన్ని రాలేదని అర్థం.

మీటరు మార్చిన రోజు కూడా ఇలాంటిదే. పాతది 4,900 దగ్గర తీసేసి కొత్తది సున్నా దగ్గర పెడతారు. పాతదాని చివరి అంకె, కొత్తదాని మొదటి అంకె రెండూ రికార్డులోకి ఎక్కితేనే లెక్క కలుస్తుంది. ఆ కాగితం ఆలస్యమైతే గ్రాఫు ఎన్ని తెలివితేటలు చూపినా లాభం లేదు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఇంటివాళ్ల తెర. అధికారి తెర మీద ఇదే ఆలస్యం దొంగతనంగా కనిపిస్తుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద 60 ఇళ్లున్నాయనుకుందాం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి మీటరు ఒక రోజుకు 520 యూనిట్లు వెళ్లాయని చెప్పింది. ఇళ్ల మీటర్ల మొత్తం 430. తొంభై యూనిట్లు తేలలేదు, అంటే 17 శాతం నష్టం. కొక్కేలు వేస్తున్నారని పట్టుకోవడానికి సిబ్బంది బయల్దేరుతారు. తీరా చూస్తే ఆ 430 యూనిట్లూ 52 ఇళ్లవే. ఎనిమిది ఇళ్ల రీడింగు అందలేదు. రెండు రోజులకు అవి అంది 68 యూనిట్లు కలిశాయి. మిగిలింది 22 యూనిట్లు, నాలుగు శాతం చిల్లర. తీగల్లో, జాయింట్లలో పోయేది పోగా అనుమానించడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇలాంటి తెరలన్నిటిలో కుడి చివర గ్రాఫు ఎప్పుడూ కిందికి వంగి ఉంటుంది. నిన్న, మొన్న వాడకం తగ్గినట్టు, నష్టం పెరిగినట్టు. వారం తర్వాత అవే తేదీలను మళ్లీ చూస్తే వంపు పోయి ఉంటుంది, కొత్త చివర దగ్గర కొత్త వంపు ఉంటుంది. రోజూ జరిగే ఈ వంపు వాడకానిది కాదు, ఆలస్యానిది. అందుకే ఏ రోజు మొత్తం పక్కనైనా ‘60లో 52’ అని అందిన మీటర్ల లెక్క వేయాలి. అది నూటికి తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో దాటేదాకా ఆ రోజు నష్టం శాతాన్ని అసలు చూపకపోవడమే మేలని నా ఉద్దేశం. రెండు రోజులు ఆగి సరైన అంకె చూసిన అధికారి, ఇవాళే తప్పు అంకె చూసిన అధికారి కంటే వెనకబడడు.

వాడకందారుకు ఒక ఊరట ఉంది. ఈ గ్రాఫు అంకెలతో నెల బిల్లు కట్టరు. ప్రతి నెలా ఒకటో తేదీ మొదలయ్యే అర్ధరాత్రి మీటరు తన మొత్తం అంకెను బిల్లు కోసం విడిగా దాచుకుంటుంది. అది నాలుగు రోజులు ఆలస్యంగా అందినా ఆ అర్ధరాత్రి అంకే అందుతుంది. నడుమ రోజుల అంచనాలు ఎలా ఉన్నా నెల యూనిట్లు మారవు. ప్రీపెయిడ్ పద్ధతిలో మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. అక్కడ రోజువారీ లెక్క మీద బ్యాలెన్సు తగ్గుతుంది కాబట్టి, నాలుగు రోజుల వాడకం ఒకేసారి కోత పడి బ్యాలెన్సు హఠాత్తుగా దిగజారినట్టు కనిపించవచ్చు. అలా కనిపిస్తే ముందుగా ఆ రోజులకు రీడింగులు వచ్చాయో లేదో చూసుకోవాలి.

ఇంట్లోనే సరిచూసుకోవడం కూడా పెద్ద పనేం కాదు. మీటరు మీద బటన్ నొక్కుతూ పోతే తెర మీద kWh పక్కన మొత్తం అంకె వస్తుంది. తేదీ, టైము కూడా వరసలో కనిపిస్తాయి, టైము మీ ఫోనుతో దాదాపు సరిపోవాలి. యాప్‌లో చివరి రీడింగు అంకె, అది ఏ తేదీదో చూడండి. మీటరు అంకె యాప్ అంకె కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే యాప్‌లో ఉన్నది గడిచిన అర్ధరాత్రిది, లేదా అంతకు ముందుది. ఆ రీడింగు నుంచి ఇప్పటిదాకా గడిచిన రోజులను మీ రోజువారీ వాడకంతో గుణిస్తే తేడా దాదాపుగా తేలిపోవాలి. మే 6 ఉదయం మన ఇంటివాళ్లు ఇలా చూసి ఉంటే యాప్‌లో 4,829, మీటరులో 4,860 దరిదాపుల్లో కనిపించేది. అప్పుడు వాళ్లు రాయాల్సిన ఫిర్యాదు ‘మీటరు తప్పు తిరుగుతోంది’ అని కాదు, ‘మే 3 నుంచి మా మీటరు రీడింగు మీకు అందడం లేదు’ అని. రెండో మాటకు సర్వీసు నంబరు జతచేస్తే, సెల్లారులో సిగ్నలు చూడటానికి మనిషిని పంపాలని అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.